నకిలీ అనుభవ పత్రానికి కాంట్ పెట్టే పరీక్ష

ప్రశ్న: నేను దూరవిద్యలో ఎం.ఏ. ఫిలాసఫీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కాంట్ చెప్పిన నిరపేక్ష ఆదేశం పాఠం ఎన్నిసార్లు చదివినా తలకెక్కడం లేదు. ‘అందరూ అలాగే చేస్తే ఏమవుతుందో ఆలోచించు’ అన్నంత వరకు మాత్రం అర్థమైంది. ఈమధ్య నా స్నేహితుడు అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తిచేసి, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు పత్రాలు పుట్టించుకున్నాడు. అది తప్పని కాంట్ మాట చెప్పాను. అతను నన్నే ఎదురు ప్రశ్నించాడు. “ఇక్కడ అందరూ చేస్తున్నదే, ఏ కంపెనీ మూతపడింది? అందరూ డాక్టర్లయితే పొలం దున్నేవాళ్లుండరు, మరి డాక్టర్ కావడం తప్పా? నేనే మేనేజర్నయితే ఇలా వచ్చినవాణ్ని ఏమీ అనను, పని వస్తే చాలు” అన్నాడు. నాకు మాట పెగల్లేదు. నేను చెప్పినదాంట్లో పొరపాటుందా, కాంట్‌లోనే ఉందా?
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: మీ స్నేహితుడిని ముందుగా మెచ్చుకోవాలి. అతను అడిగిన మూడు ప్రశ్నలూ తత్త్వశాస్త్రం చదివినవాళ్లు ఇప్పటికీ తర్కించుకుంటున్నవే. మీకు మాట పెగలకపోవడానికి కారణం మీరు అతనికి సగం కాంట్‌ను మాత్రమే చెప్పడం. ‘అందరూ చేస్తే ఏమవుతుంది’ అని అడిగితే జవాబు జరగబోయే నష్టంలో వెతుక్కోవాలి. నష్టం కనిపించకపోతే తప్పు కూడా మాయమవుతుంది. కాంట్ అడిగేది అది కాదు. ‘నీ పథకం నెరవేరాలని, అదే పథకం అందరిదీ కావాలని, రెండూ ఒకేసారి కోరుకోగలవా?’ అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు జవాబు కంపెనీల లెక్కల్లో దొరకదు, మీ స్నేహితుడి సంకల్పంలోనే దొరుకుతుంది.

అక్కడికి ఎలా చేరాడో చూద్దాం. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1724లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టి, 1804లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. మీ పాఠానికి మూలమైన చిన్న పుస్తకం, ఇంగ్లీషులో ‘గ్రౌండ్‌వర్క్ ఆఫ్ ది మెటాఫిజిక్స్ ఆఫ్ మోరల్స్’, 1785లో వచ్చింది. నీతికి పునాది ఎక్కడుందో వెతకడం దాని పని. మనం ఒకరికొకరం ఇచ్చుకునే ఆదేశాల్లో చాలావాటికి ఒక షరతు ఉంటుందని అందులో గమనిస్తాడు. ‘ఉద్యోగం కావాలంటే జావా నేర్చుకో’ అనే మాటలో బలమంతా ‘కావాలంటే’లోనే ఉంది. నాకు ఆ ఉద్యోగం వద్దనుకున్న క్షణంలో ఆ ఆదేశం నన్ను వదిలేస్తుంది. నిజాయితీని కూడా మనం చాలాసార్లు ఇలాగే బోధిస్తాం. ‘అబద్ధపు పత్రం పెట్టకు, దొరికిపోతావు’ అంటాం. అంటే దొరకకుండా ఉండాలంటే పెట్టకు అని. ఎప్పటికీ దొరకని పత్రం ఎవరైనా తయారుచేసి ఇస్తే ఆ ఉపదేశానికి పనేముంది? నీతి ఆదేశం అలాంటిది కాదని, మన కోరిక ఏదైనా సరే అది వర్తిస్తుందని కాంట్ పట్టు. నిరపేక్షం అనడంలో ఉద్దేశం ఇదే. దానికి ‘అయితే’, ‘కావాలంటే’ ఉండవు.

ఈ తర్వాతి అడుగును చాలా పాఠాలు గబగబా దాటేస్తాయి. తలకెక్కకపోవడానికి అసలు కారణం అదేనని నేను అనుకుంటాను. ఆదేశంలోంచి కోరికలన్నీ తీసేస్తే దాంట్లో ఇంకేం మిగులుతుంది? ‘ఇది సంపాదించు, అది తప్పించుకో’ అని చెప్పడానికి వీల్లేదు, అవన్నీ ఏదో ఒక కోరికను ఆధారం చేసుకున్నవే. మిగిలేది ఒక్కటే. అది నియమం కాబట్టి నియమానికి ఉండవలసిన లక్షణం, అంటే అందరికీ ఒకేలా వర్తించడం. అందుకే కాంట్ ఆదేశం విచిత్రంగా ఖాళీగా కనిపిస్తుంది. ఫలానా పని చేయమని అది చెప్పదు. నువ్వు ఏ సూత్రం మీద నడుస్తున్నావో, అది అందరికీ నియమం కావాలని కూడా నువ్వు కోరుకోగలిగితేనే దాని మీద నడువు అంటుంది. ‘అందరూ’ అనే మాట ఎక్కడినుంచి ఊడిపడిందో ఇప్పుడు తెలుస్తుంది. పదిమంది బాగు లెక్కవేసి తెచ్చిన మాట కాదది. షరతు లేని ఆదేశంలో దానికి తప్ప ఇంక దేనికీ చోటు లేదు.

సూత్రం అన్నాను. కాంట్ దాన్ని మాగ్జిమ్ అంటాడు. ఒక మనిషి ఒక పని చేసేటప్పుడు, పైకి చెప్పినా చెప్పకపోయినా, లోపల నడిపిస్తున్న నిర్ణయం అది. దాంట్లో సాధారణంగా మూడు పాళ్లుంటాయి: ఏ పరిస్థితిలో, ఏ పని, దేనికోసం. పరీక్షకు పెట్టవలసింది పనిని కాదు, ఈ మూడూ కలిసిన సూత్రాన్ని. ‘అబద్ధమాడటం’, ‘డాక్టర్ కావడం’ అని పని పేరు ఒక్కటే పట్టుకుని పరీక్షిస్తే కాంట్ చేత ఏదైనా అనిపించవచ్చు.

కాంట్ స్వయంగా చేసి చూపిన ఉదాహరణ అప్పుది. ఒకడికి డబ్బు అవసరం పడింది. తిరిగి ఇవ్వలేనని తనకు బాగా తెలుసు. ఫలానా గడువులోగా ఇచ్చేస్తానని మాట ఇవ్వకపోతే ఎవరూ అప్పివ్వరనీ తెలుసు. కాబట్టి అతని సూత్రం: ‘డబ్బుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు, తీర్చలేనని తెలిసినా, తీరుస్తానని మాట ఇచ్చి డబ్బు తీసుకుంటాను.’ ఇప్పుడు ఇదే అందరి సూత్రమైన లోకాన్ని ఊహించమంటాడు. ఎవరో కొందరిది కాదు, ప్రకృతి నియమంలాగా ప్రతి ఒక్కరిదీ. నిప్పు కాలుస్తుందన్నంత సహజంగా, ఇబ్బందిలో ఉన్నవాడు ఉత్తుత్తి మాట ఇస్తాడని అందరికీ తెలిసిన లోకం. అక్కడ ‘ఇస్తానండీ’ అన్న మాట వింటే ఎదుటివాడు నవ్వుకుని తలుపు వేసుకుంటాడు. మన మనిషి పథకం నెరవేరాలంటే మాటకు విలువ ఉండాలి. అతని సూత్రం అందరిదీ అయితే మాటకు విలువ ఉండదు. రెండూ కలిపి కోరడమంటే ఒక పనిముట్టు ఉండాలనీ ఉండకూడదనీ ఒకే నోటితో కోరడం. వైరుధ్యం అంటే ఇదే. అప్పులు పుట్టక లోకం ఇబ్బందిపడుతుందని కాంట్ బాధపడటం లేదు, గమనించండి. అతని వేలు చూపిస్తున్నది ఆ మనిషి కోరికలో ఉన్న చీలిక వైపు.

మీ స్నేహితుడి పత్రాన్ని ఇప్పుడు ఇదే బల్లమీద పెడదాం. సూత్రాన్ని అతని తరఫున నిజాయితీగా, అతనికి అన్యాయం జరగకుండా రాయాలి. ‘నాకు ఉద్యోగం అవసరం, పని నేర్చుకున్నాను, కానీ అనుభవం అడుగుతున్నారు. కాబట్టి లేని అనుభవాన్ని చూపించే పత్రం పెట్టి, దాన్ని నమ్మేలా చేసి ఉద్యోగం తెచ్చుకుంటాను.’ దీన్ని అందరిదీ చేద్దాం. అనుభవం లేక ఉద్యోగం వెతుక్కునే ప్రతివాడూ ఇలాంటి పత్రం పెడతాడు, ప్రతి మేనేజర్‌కూ ఆ సంగతి తెలుసు. అప్పుడు అనుభవ పత్రం అంటే దరఖాస్తుతో పాటు వచ్చే ఒక కాగితం, అంతే. దాన్ని చూసి ఎవరూ ఎవరినీ నమ్మరు. అతని పథకంలో పనంతా చేసేది ‘నమ్మేలా చేసి’ అన్న మాట. ఆ లోకంలో ఆ మాటకే చోటు లేదు. తన పత్రాన్ని నమ్మాలని, పత్రాలను నమ్మకూడదని రెండూ కోరితే తప్ప అతను ఆ సూత్రాన్ని అందరిదీ చేయలేడు.

మరి నిజంగా అతను కోరుతున్నదేమిటి? మిగతావాళ్లు నిజమైన పత్రాలే పెట్టాలని. వాళ్ల నిజాయితీ వల్లనే ఆ కాగితానికి విలువ వచ్చింది, ఆ విలువను తాను వాడుకోవాలి. తప్పు చేసేటప్పుడు మనలో జరిగేది సరిగ్గా ఇదేనని ఆ పుస్తకంలో కాంట్ రాస్తాడు. మన సూత్రం అందరికీ నియమం కావాలని మనం అనుకోం, దానికి వ్యతిరేకమైనదే నియమంగా నిలబడాలనుకుంటాం. కాకపోతే నాకోసం, ఈ ఒక్కసారికి, ఒక మినహాయింపు తీసుకుంటాం. నాకు ఆ పుస్తకంలో అన్నింటికంటే నచ్చిన చోటు అదే. దొంగ కూడా తన ఇంటికి తాళం వేసుకుంటాడని మనవాళ్లు అనుకునే సంగతికి అక్కడ తర్కం దొరుకుతుంది.

‘ఇక్కడ అందరూ చేస్తున్నదే’ అన్న మాటకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. నిజంగా అందరూ చేస్తూ ఉంటే అతని పత్రానికి ధర పలికేది కాదు. ఆ పత్రం ఇంకా పనిచేస్తోందంటే, ఎక్కువమంది నిజమే చెబుతున్నారని, ఆ నిజం మీదే అతను నిలబడ్డాడని అర్థం. పైగా నగరంలో ఏం జరుగుతోందో చూడండి. కంపెనీలు పత్రాన్ని ఒక్కదాన్నే నమ్మడం మానేసి జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16, పీఎఫ్ ఖాతాలో నమోదైన ఉద్యోగ చరిత్ర అడుగుతున్నాయి. వివరాలు సరిచూడటానికి వేరే సంస్థలను పెట్టుకుంటున్నాయి. నిజంగా మూడేళ్లు చిన్న ఆఫీసులో పనిచేసి, పీఎఫ్ కట్టని యజమాని దగ్గర ఇరుక్కున్న పిల్లలు దీనివల్ల నానా తంటాలు పడుతున్నారు. పత్రం విలువ తరిగిపోవడం ఊహాలోకంలో మాత్రమే జరిగేది కాదనడానికి ఇది చాలు.

అయితే ఒక జాగ్రత్త. ఈ చివరి మాటలను వాదనలో ఆధారంగా పెట్టుకోకండి. ‘చూశావా, ఎంత నష్టమో’ అన్న మరుక్షణం మీరు కాంట్‌ను వదిలి ఫలితాల లెక్కలోకి వెళ్లిపోతారు. అప్పుడు మీ స్నేహితుడు ‘నా ఒక్కడి పత్రం వల్ల ఎంత నష్టం?’ అంటాడు. ఆ లెక్కలో అతని మాటే నెగ్గుతుంది, ఒక్క పత్రం వల్ల కొలవదగినంత నష్టం ఉండకపోవచ్చు. కాంట్ పరీక్షలో ‘అందరూ’ అన్నది భవిష్యత్తు గురించిన జోస్యం కాదు. ఇంకెవరూ ఎప్పటికీ ఆ పని చేయకపోయినా పరీక్ష ఫలితం మారదు. ఒక్కడే చేసినా అతని సంకల్పంలోని చీలిక అలాగే ఉంటుంది.

ఇక డాక్టర్ల సంగతి. అతను పరీక్షకు పెట్టింది పని పేరును, సూత్రాన్ని కాదు. డాక్టర్ కావాలనుకునే అమ్మాయి లోపలి నిర్ణయం ‘ఎవరు ఏమైనా సరే నేను డాక్టర్నే అవుతాను, ప్రపంచమంతా డాక్టర్లతో నిండినా సరే’ అని ఉండదు. ‘నాకు ఇష్టమున్న, నాకు చేతనైన, నలుగురికి అవసరమున్న పని ఎంచుకుంటాను’ అన్నట్టుగా ఉంటుంది. అది అందరి సూత్రమైతే ఏమవుతుంది? ఒకరు వైద్యం, ఒకరు వ్యవసాయం, ఒకరు మెట్రో రైలు నడపడం ఎంచుకుంటారు. ఎవరి పథకమూ చెడదు. డాక్టర్లు మరీ ఎక్కువైతే అదే సూత్రం ఆమెను ఇంకోవైపు చూడమంటుంది.

అతను ఇంకాస్త ఆలోచిస్తే ఇంతకంటే గట్టి ప్రశ్న వేయగలడు. అతనికంటే ముందు మీకు తెలియడం మంచిది. పంజాగుట్ట నుంచి హైటెక్ సిటీకి వెళ్లే ఒకాయన ‘రద్దీ తప్పించుకోవడానికి ఉదయం ఆరింటికే బయలుదేరతాను’ అనుకున్నాడు. అందరూ ఆరింటికే బయలుదేరితే రద్దీ ఆరింటికే ఉంటుంది, ఆయన పథకం పనిచేయదు. నకిలీ పత్రం లాగే ఇదీ ఓడిపోయినట్టే కదా? కానీ తెల్లవారుజామున బయలుదేరడం పాపమని ఎవరూ అనరు. తత్త్వవేత్తలు ఈ చిక్కును వేరే ఉదాహరణలతో బాగా చర్చించారు. నాకు సరైనదిగా తోచే దారి ఇది. ఆ మనిషికి ఆరింటి మీద ప్రత్యేకమైన మమకారం లేదు. ఆయన అసలు సూత్రం ‘రోడ్డు ఖాళీగా ఉండే వేళ చూసుకుని బయలుదేరతాను’ అని. అది అందరిదీ అయితే జనం రకరకాల వేళలకు సర్దుకుంటారు, ఇబ్బందేమీ లేదు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఆయన తన పథకాన్ని మైకు పట్టుకుని చెప్పినా అది చెడదు. మీ స్నేహితుడు తన పథకాన్ని ఇంటర్వ్యూలో ఒక్క వాక్యం చెబితే అక్కడికక్కడే కూలిపోతుంది.

సూత్రం బయటపడినా పథకం నిలుస్తుందా అన్న ఈ ప్రశ్న కొత్తగా చదివేవాళ్లకు చేతిలో ఉంచుకోదగిన గుర్తు. ఇది కాంట్ ఆదేశానికి పూర్తి ప్రత్యామ్నాయం కాదు కానీ, మోసానికి సంబంధించిన చోట చాలావరకు దారి చూపిస్తుంది. కోఠి దగ్గర సుల్తాన్ బజార్‌లో చీర బేరమాడేటప్పుడు ‘ఇంతకంటే ఒక్క రూపాయి తగ్గించలేనమ్మా’ అని వ్యాపారి అంటాడు, ‘ఇంతకంటే ఒక్క రూపాయి ఇవ్వను’ అని కొనేవాళ్లు అంటారు. ఇద్దరికీ అది ఆటలో భాగమని తెలుసు. అందరూ అలాగే అంటారని అందరికీ తెలిసినా బేరం ఆగలేదు, తరాలుగా సాగుతోంది. అక్కడ ఎవరి నమ్మకాన్నీ ఎవరూ దోచుకోవడం లేదు. అదే వ్యాపారి పాలియెస్టర్‌ను పట్టని చెబితే సంగతి వేరు. ఆ మాట పనిచేయాలంటే కొనేవాళ్లు నమ్మి తీరాలి. ఒకే కొట్టులో, ఒకే నోటినుంచి వచ్చిన రెండు మాటలను ఈ పరీక్ష వేరుచేయగలదు. ‘అబద్ధం’ అన్న పేరు ఒక్కటే పట్టుకుంటే ఆ తేడా దొరకదు.

ఉద్యోగ దరఖాస్తులోనూ ఇదే వరుస. తన గురించి మంచివి ముందు రాసుకోవడం, సొంతంగా చేసిన ప్రాజెక్టును వివరంగా చెప్పుకోవడం, అడగని బలహీనతను తానై బయటపెట్టకపోవడం, వీటిలో ఏదీ పరీక్షలో ఓడదు. దరఖాస్తులో అందరూ తమ మంచిపక్షమే చూపిస్తారని మేనేజర్లందరికీ తెలుసు, తెలిసినా దరఖాస్తులు చదువుతూనే ఉన్నారు. ఓడేది లేని మూడేళ్లను ఉన్నాయని నమ్మించడం ఒక్కటే. కాంట్ పేరు చెప్పి మీ స్నేహితుడిని అంతకంటే ఎక్కువ ఒప్పుకోమని అడగకండి.

మూడో ప్రశ్న నాకు అన్నింటికంటే ఆసక్తిగా అనిపించింది. ‘నేనే మేనేజర్నయితే ఏమీ అనను’ అనడంలో అతను కాంట్‌కు కాకుండా ఇంకో నియమానికి జవాబిస్తున్నాడు. ఇతరులు నీకు ఏది చేస్తే నొచ్చుకుంటావో అది నువ్వు వాళ్లకు చేయకు అనే మాట మన పెద్దలు చెప్పారు, లోకంలో చాలాచోట్ల ఉంది. మంచి మాటే. కానీ అది నా ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుంది. నాకు నొప్పి లేకపోతే అనుమతి దొరికినట్టే. కాంట్ ఈ రెండింటినీ కలపవద్దని ఒక అధోజ్ఞాపికలో ప్రత్యేకంగా హెచ్చరించాడు. ఆ మాటే కొలబద్ద అయితే శిక్ష పడబోయే నేరస్థుడు న్యాయమూర్తితో వాదించవచ్చునంటాడు: మీరు నా స్థానంలో ఉంటే శిక్షపడాలని కోరుకోరు కదా, మరి నన్నెందుకు శిక్షిస్తున్నారు? కాంట్ పరీక్షలో కుర్చీలు మార్చుకోవడం ఉండదు. మేనేజర్ కుర్చీలో కూర్చుని ఏమనిపిస్తుందో చెప్పమని అతను అడగడు. ఇప్పుడున్న కుర్చీలోనే, పత్రం పెట్టేవాడిగానే, నీ సూత్రం అందరిదీ కావాలని కోరితే నీ పథకం బతుకుతుందా అని అడుగుతాడు. నొచ్చుకోని మేనేజర్ అయినా నమ్మని మేనేజరే. అతను ‘పని వస్తే చాలు’ అని పత్రాన్ని పక్కనపెట్టేస్తే మీ స్నేహితుడి పత్రం దేనికి?

అతను తెలివైనవాడు కాబట్టి ఇంకో ఎత్తు వేస్తాడు. సూత్రాన్ని తనొక్కడికే సరిపోయేలా కుట్టించుకుంటాడు. ‘ఫలానా ఊరినుంచి వచ్చి, ఫలానా సందులో అద్దెకుంటూ, తండ్రికి అప్పు ఉండి, ఈ కోర్సు ఈ నెలలో పూర్తిచేసినవాడు మాత్రమే ఇలాంటి పత్రం పెట్టవచ్చు.’ అలాంటివాడు లోకంలో ఒక్కడే ఉంటాడు, అందరిదీ చేసినా పత్రాల విలువ పడిపోదు. దీనికి జవాబు సూత్రం అంటే ఏమిటన్న దాంట్లోనే ఉంది. అది నిన్ను నిజంగా నడిపించిన నిర్ణయం, పరీక్షకోసం రాసుకున్న వాక్యం కాదు. కాబట్టి ఒక్కొక్క వివరాన్నీ తీసేసి అడగండి. వేరే సందులో ఉండి ఉంటే పత్రం పెట్టేవాడు కాదా? కోర్సు ఇంకో నెలలో పూర్తయి ఉంటే? పెట్టేవాడే అంటే ఆ వివరాలు సూత్రంలో లేవు, అలంకారంగా వేలాడుతున్నాయి. తండ్రి అప్పు మాత్రం నిజంగా నడిపించి ఉండవచ్చు, దాన్ని ఉంచండి. ఇబ్బందిలో ఉన్న ఇంటి పిల్లలందరూ అలా చేస్తారనుకుందాం. వాళ్లు ఒక్కరిద్దరు కారు, ఆ పిల్లల పత్రాలను ఎవరూ నమ్మని లోకం అది. అప్పు గురించి కాంట్ ఇచ్చిన ఉదాహరణలోనూ ఇబ్బంది ఉన్న సంగతి మరచిపోకండి. కష్టాన్ని అతను చూడకపోవడం కాదు, కష్టాన్ని సూత్రంలో పెట్టే పరీక్షించాడు.

ఇంతా చెప్పాక ఈ పరీక్షకు ఉన్న హద్దులు కూడా చెప్పాలి, లేకపోతే మీ పరీక్షకుడు చెబుతాడు. 1788లో వచ్చిన ఇంకో పుస్తకంలో కాంట్, దాచమని ఇచ్చినవాడు చనిపోతే, రాతకోతల్లేని ఆ సొమ్మును కాజేయవచ్చా అని అడిగి, అందరూ అలా చేస్తే సొమ్ము దాచమని ఇచ్చేవాళ్లే ఉండరంటాడు. కాంట్ తర్వాతి తరం జర్మన్ తత్త్వవేత్త హెగెల్ దీన్ని పట్టుకున్నాడు. అలా ఇచ్చేవాళ్లు లేకపోతే లేకపోయారు, అందులో వైరుధ్యమేముంది అన్నది అతని వాదన సారం. గట్టి దెబ్బే. 1985లో క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ అనే అమెరికన్ తత్త్వవేత్త రాసిన వ్యాసం ఇలాంటి అభ్యంతరానికి దారి చూపింది. అలాంటి లోకం ఉండటంలో వైరుధ్యం లేదు, ఆ ఏర్పాటును వాడుకుని లాభపడాలనుకుంటూనే అది లేని లోకాన్ని కోరడంలో వైరుధ్యం ఉంది. పైన నేను నడిపించిన లెక్క అంతా ఆ పద్ధతిలోదే. కానీ దాని హద్దును ఆమే ఒప్పుకుంటుంది. మాట, పత్రం, అప్పు వంటివి మనుషుల నమ్మకం మీద నడిచే ఏర్పాట్లు, వాటిలో మోసాన్ని ఈ పద్ధతి చక్కగా పట్టుకుంటుంది. పోటీదారుణ్ని చంపి అడ్డు తొలగించుకోవడం లాంటిదాన్ని అంత తేలిగ్గా పట్టుకోలేదు, ఎందుకంటే అందరూ హంతకులైనా కత్తి పనిచేయడం మానదు.

అక్కడ ఈ ఆదేశానికే కాంట్ ఇచ్చిన రెండో రూపం అక్కరకొస్తుంది. నీలోగానీ ఇంకొకరిలోగానీ ఉన్న మనిషితనాన్ని ఎప్పుడూ లక్ష్యంగా కూడా చూడు, ఒట్టి సాధనంగా మాత్రమే వాడుకోకు అన్నది దాని సారం. ‘ఒట్టి’ అన్న మాట ముఖ్యం. ఆటో డ్రైవర్‌ను మనం సాధనంగా వాడుకుంటాం, అతను మనల్ని వాడుకుంటాడు. ఇద్దరూ తెలిసి ఒప్పుకున్నారు కాబట్టి తప్పు లేదు. అబద్ధపు మాట విన్నవాడు తనతో అలా వ్యవహరించడానికి ఒప్పుకునే వీలే లేదని కాంట్ అంటాడు. మీ స్నేహితుడి మేనేజర్ పరిస్థితి అదే. సంగతి తెలిస్తే అది మోసం కాదు, తెలియకపోతే అది ఒప్పుదల కాదు. ‘నేనైతే ఏమీ అనను’ అన్న మాటలోని గుట్టు ఇక్కడ మరోసారి బయటపడుతుంది. ఏమీ అననంత తెలిసిన మేనేజర్‌ను అతను మోసగించనవసరమే లేదు, నేరుగా నిజం చెప్పవచ్చు.

కాబట్టి మీరు పట్టుకున్న తీర్పు సరైనదే, చెప్పిన కారణం మాత్రం సగమే. ఈసారి కలిసినప్పుడు తీర్పు చెప్పకుండా అతని సూత్రాన్ని అతని చేతే ఒక వాక్యంగా రాయించండి. పరిస్థితి, పని, ఉద్దేశం మూడూ ఉండాలి, ‘నమ్మేలా చేసి’ అన్న మాట దాటేయకూడదు. ఆ వాక్యం ఇంటర్వ్యూ గది గోడమీద రాసిపెట్టినా నీ పని జరుగుతుందా అని అడిగి ఊరుకోండి. అతనికి ఉద్యోగం నిజంగా అవసరం, ఆ అవసరాన్ని చిన్నచూపు చూడవద్దు. అదే గోడమీద రాసినా చెడని ఇంకో వాక్యం అతనికి ఉంది: ‘నాకు ఉద్యోగానుభవం లేదు, ఈ పని వచ్చు, ఇదిగో నేను చేసిన ప్రాజెక్టు, ఇక్కడే పరీక్షించుకోండి.’ దానికి పిలుపులు తక్కువ రావచ్చు, నెలలు పట్టవచ్చు. నిజాయితీ వల్ల లాభం వస్తుందని కాంట్ ఎక్కడా హామీ ఇవ్వలేదు, మీరూ ఇవ్వకండి.

చదువు విషయానికొస్తే, 1785 పుస్తకాన్ని ముందుమాటతో మొదలుపెట్టకండి, అది కొత్తవాళ్లను భయపెడుతుంది. మొదటి అధ్యాయం చివరి భాగంలో ఈ అబద్ధపు మాట ఉదాహరణే ఇంకా సులువుగా ఒకసారి వస్తుంది. అబద్ధాన్నైతే కోరగలను గానీ అబద్ధమాడటం అందరికీ నియమం కావాలని కోరలేను అని కాంట్ అక్కడ తేలుస్తాడు. ఆ ఒక్క పేరా చదివాక రెండో అధ్యాయంలోని నాలుగు ఉదాహరణలకు వెళ్లండి. వాటిలో అప్పు ఉదాహరణ మీకిప్పుడు తెలుసు. కష్టంలో ఉన్నవాళ్లకు సాయం చేయనన్నవాడి ఉదాహరణ దగ్గర కాసేపు ఆగండి. ఎవరూ ఎవరికీ సాయం చేయని లోకాన్ని ఊహించడంలో వైరుధ్యం లేదని కాంట్ అక్కడ ఒప్పుకుంటాడు, అయినా దాన్ని కోరలేమంటాడు. అప్పు ఉదాహరణలోని చీలికకూ దీనికీ తేడా ఏమిటో మీ మాటల్లో రాసి పంపితే, వచ్చేసారి అక్కడినుంచి మాట్లాడుకుందాం.